విదేశీ సైట్‌లో సూటు ఆర్డర్ – 3వ పాఠం: అంగుళాలను సెంటీమీటర్లలోకి మార్చడం

టేపు ఎక్కడ పట్టాలి, ఎంత బిగువుగా పట్టాలి అన్నది గత పాఠంలో చూశాం. ఇప్పుడు మీ కాగితం మీద ఛాతీ, నడుము కొలతలు అంగుళాల్లో ఉన్నాయి. యూరప్ సైట్లలో సైజుల పట్టిక మాత్రం సెంటీమీటర్లలో ఉంటుంది. ఈ పాఠమంతా ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది: ఛాతీ 40½ అంగుళాలు, నడుము 35 అంగుళాలు. మీ కొలతలు పక్కనే రాసుకుని, ప్రతి మెట్టు దగ్గరా మీ లెక్క కూడా చేసుకుంటూ రండి.

అంగుళానికి సరిగ్గా 2.54 సెంటీమీటర్లు. ఇది ఉజ్జాయింపు కాదు; 1959లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అంగుళం పొడవే అంత. గుణించే ముందు పావు, అర, ముప్పావులను దశాంశాల్లోకి మార్చుకోవాలి. పావు అంటే .25, అర అంటే .5, ముప్పావు అంటే .75. టేపు మీద అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేసి ఉంటే ఒక్కో చిన్న గీత .125 అవుతుంది. 40 దాటి మూడు చిన్న గీతలుంటే దాన్ని 40.3 అని రాసేస్తుంటారు, కానీ అది 40.375. అంగుళాల దశలోనే 40½ని 40కి కుదించి ఆ తర్వాత గుణించడం ఇంకా పెద్ద తప్పు. ఒక్క దెబ్బకు 1.27 సెంటీమీటర్లు పోతాయి.

నోటిలెక్కకు ఒక సులువు ఉంది. ముందు 2.5తో గుణించండి, తర్వాత అదే అంగుళాల సంఖ్యను 0.04తో గుణించి కలపండి.

ఛాతీ: 40.5 × 2.5 = 101.25, 40.5 × 0.04 = 1.62, మొత్తం 102.87.
నడుము: 35 × 2.5 = 87.5, 35 × 0.04 = 1.4, మొత్తం 88.9.

సర్దడం ఏమైనా ఉంటే ఇక్కడ, చివర్లోనే చేయాలి. దగ్గరి అర సెంటీమీటరుకు సర్దితే ఛాతీ 103, నడుము 89 అవుతాయి.

చాలామంది మొదటి గుణకారంతోనే ఆగిపోతారు. అంగుళానికి 0.04 అంటే లెక్కలోకి రానంత చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ ఛాతీ దగ్గరికి వచ్చేసరికి తేడా 1.6 సెంటీమీటర్లు దాటుతుంది. యూరప్ కోటు సైజు సాధారణంగా ఛాతీ చుట్టుకొలతలో సగం: 48 అంటే 96 సెంటీమీటర్లు, 50 అంటే 100, 52 అంటే 104. సైజుకూ సైజుకూ మధ్య 4 సెంటీమీటర్ల ఎడం. కాబట్టి 50 సైజు సుమారుగా 98 నుంచి 102 దాకా ఉన్నవారికి, 52 సైజు 102 నుంచి 106 దాకా ఉన్నవారికి. మన ఉదాహరణలో 101.25 దగ్గర ఆగితే 50 సైజు తీసుకుంటాం, 102.87 దాకా వెళితే 52 తీసుకుంటాం. వేసుకున్న కోటుకు గుండీ పెడితే దాని చుట్టూ X ఆకారంలో ముడతలు లాగుతున్నాయంటే సైజు చిన్నదయిందన్నమాట. ఇలా సరిహద్దు దగ్గరున్న ఛాతీ అయితే ఒకటికి రెండుసార్లు కొలవండి.

సైజుల జాబితాలో ఇంకో చిక్కు కూడా ఉంది. జర్మన్ పద్ధతి పాటించే సైట్లలో 48, 50, 52లతో పాటు 98, 102, 106 అనే సంఖ్యలూ కనబడతాయి. మన లెక్క 102.87 కాబట్టి 102 మనదే అనిపిస్తుంది. కాదు. అది 52కు జోడీగా, పొడవుగా సన్నగా ఉన్నవారికి కుట్టే సైజు. మామూలు ఎత్తువారు దాన్ని తీసుకుంటే చేతులు, కోటు అంచు కిందికి జారతాయి. 24, 25, 26 అనే చిన్న సంఖ్యలు పొట్టివారి సైజులు. వాటికీ అంగుళాలకూ సంబంధం లేదు.

ఇక నడుము. సూటులో కోటూ ప్యాంటూ కలిపే వస్తాయి కాబట్టి, ఛాతీకి సరిపోయే సైజులో నడుము ఎంత ఉంటుందో కూడా చూడాలి. దీన్ని ‘డ్రాప్’ అనే సంఖ్యతో చెబుతారు, చిక్కంతా ఇక్కడే ఉంది. అంగుళాల సైట్లలో డ్రాప్ 6 అంటే ఛాతీకీ నడుముకీ మధ్య 6 అంగుళాల తేడా, అంటే 15.24 సెంటీమీటర్లు. ఇటలీ పద్ధతిలో సగం ఛాతీలోంచి సగం నడుము తీసేస్తే వచ్చేది డ్రాప్. అక్కడ డ్రాప్ 6 అంటే మొత్తం తేడా 12 సెంటీమీటర్లే. పేరు ఒకటే, అంకె ఒకటే, కానీ నడుములో మూడు సెంటీమీటర్లకు పైగా తేడా.

అందుకని డ్రాప్‌ను అంగుళాల్లో ఆలోచించకండి. ఎంచుకున్న సైజును రెట్టింపు చేయండి, అందులోంచి మీ నడుము సెంటీమీటర్లు తీసేయండి, మిగిలినదాన్ని సగం చేయండి. 52 సైజుకు 104 – 88.9 = 15.1; సగం 7.55. అంటే డ్రాప్ 7కూ 8కీ మధ్యన ఉన్నాం. డ్రాప్ 7లో నడుము 104 – 14 = 90, డ్రాప్ 8లో 104 – 16 = 88. మన నడుము 88.9 కాబట్టి 90 ఉన్నదే మేలు. ఒక సెంటీమీటరు వదులైతే బెల్టుతో సరిపోతుంది, అంతే బిగుతైతే కూర్చున్నప్పుడు కోస్తుంది.

ఛాతీకీ నడుముకీ రెండింటికీ కుదిరే సైజు దొరకకపోతే ఛాతీ వైపే మొగ్గండి. ప్యాంటు వెనక కుట్టు దగ్గర సాధారణంగా కొంత గుడ్డ లోపల వదిలి ఉంటారు కాబట్టి దర్జీ నడుమును కొద్దిగా వదులు చేయగలడు, బిగించగలడు. కోటు ఛాతీని, భుజాలను అలా పెంచడం దాదాపు కుదరని పని.

నడుము కొలత కోసం పాత ప్యాంటు మీద ఉన్న నంబరును 2.54తో గుణించకండి. 34 అని రాసి ఉన్న ప్యాంటు పట్టీని టేపుతో కొలిస్తే తరచూ అంతకంటే ఎక్కువే వస్తుంది. కొన్ని కంపెనీలు కొనేవారి సంతోషం కోసం నంబరు తగ్గించి వేస్తాయి మరి.

పట్టికలో ఉన్నది ఒంటి కొలతా, బట్ట కొలతా అన్నది కూడా చూడాలి. కోటును బల్ల మీద పరిచి చంక నుంచి చంకకు కొలిచి ‘56’ అని రాసి ఉంటే అది బట్ట కొలత. రెట్టింపు చేస్తే 112 వస్తుంది. 103 ఛాతీకి 9 సెంటీమీటర్ల వదులు ఉన్నట్టు, సూటు కోటుకు అది మామూలే. ఆ 112 చూసి కోటు పెద్దదైపోతుందని భయపడి కింది సైజుకు వెళితే, ఊపిరి తీసుకోవడానికే కష్టమవుతుంది.

ఫారంలో కొలత నింపేటప్పుడు ఒక్క చిన్న మాట. యూరప్‌లో చాలాచోట్ల దశాంశానికి చుక్క బదులు కామా వాడతారు. 102,5 అని కనిపిస్తే అది నూట రెండున్నర. మీరు 102.5 అని కొడితే తీసుకోకపోతే కామాతో ప్రయత్నించండి. పంపే ముందు ఆ గడిలో ఏ సంఖ్య నిలిచిందో మళ్ళీ చూడండి. 1025 అయి ఉండవచ్చు.

అభ్యాసం: ఛాతీ 38¾, నడుము 33 అంగుళాలు. సైజు, డ్రాప్ కనుక్కోండి. కాగితం మీద చేశాకే కింది జవాబు చూడండి.

జవాబు: ఛాతీ 96.875 + 1.55 = 98.43. నడుము 82.5 + 1.32 = 83.82. ఛాతీ 98 దాటింది కాబట్టి సైజు 50. 100 – 83.82 = 16.18, సగం 8.09. కాబట్టి డ్రాప్ 8, అందులో నడుము 84. మీకు సైజు 48 వచ్చిందంటే 0.04 కలపడం మరిచారు. డ్రాప్ 7 వచ్చిందంటే 100కు బదులు ఒంటి ఛాతీ 98.43 లోంచి నడుము తీసేశారు.

వచ్చే పాఠంలో చేతి పొడవు, ప్యాంటు లోపలి కాలు పొడవు.