సైటు ఫొటోల్లో నకిలీ సిమెంటు, ఇనుము గుర్తింపు: మూడో పాఠం

గత పాఠంలో బస్తాను, చువ్వను ఏ కోణంలో ఫొటో తీయాలో తెలుసుకున్నాము. ఈ పాఠంలో ఆ ఫొటోలను చదువుతాము. నకిలీ సరుకు చేసేవారు రంగులనూ బొమ్మనూ తేలికగానే దించుతారు కనుక, నేను వాటిని చివరికి వదిలి, ఒకదానితో ఒకటి పొసగవలసిన అంకెలను ముందు చూస్తాను.

సిమెంటు బస్తా మీద ప్యాకింగు జరిగిన వారం, నెల, సంవత్సరం ఉండాలి. ఒక ఫొటోలో వారం 31, నెల 06, సంవత్సరం 2024 అని కనబడిందనుకుందాము. ఆ ఏడాది జూన్ నెల 26వ వారంతోనే ముగిసింది. 31వ వారం జూలై చివర మొదలై ఆగస్టులోకి సాగింది. అందువల్ల ఆ బస్తాను పక్కన పెట్టవలసిందే. అయితే వారం అంకె 5 లేదా అంతకు తక్కువైతే, అది నెలలోని వారం కావచ్చు గనుక ఈ లెక్కతో తీర్పు చెప్పకూడదు.

తరువాత ఐఎస్ఐ గుర్తు దగ్గర CM/L అనే అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్యను BIS Care యాప్‌లో సరిచూడండి. అసలు సంఖ్యనే నకలు చేసి ఉండవచ్చు కాబట్టి, సంఖ్య దొరికితే చాలదు. లైసెన్సు ఒక్కొక్క ఫ్యాక్టరీకి విడిగా ఇస్తారు. యాప్‌లో తాడిపత్రి చిరునామా వచ్చి, బస్తా మీద నల్గొండ జిల్లా ఫ్యాక్టరీ పేరుంటే రెండూ పొసగనట్లే. అన్నీ సరిపోయినా, అసలు ఖాళీ సంచిని మళ్లీ నింపిన సందర్భాన్ని అచ్చు పట్టివ్వదు. దానికి మూతి కుట్టు ఫొటో కావాలి: మెషిను కుట్టు తిన్నగా, సమాన దూరంలో ఉంటుంది, చేతికుట్టు వంకర పోతుంది, పాత సూది రంధ్రాలు పక్కనే మిగులుతాయి.

ఇక చువ్వ. కంపెనీ పేరును చివరి రోలర్ గాడిలో చెక్కుతారు కనుక, అది చువ్వ మీద రిబ్బుల్లాగే ఉబ్బెత్తుగా పడుతుంది. పక్క వెలుతురులో తీసిన ఫొటోలో రిబ్బుకు ఏ వైపు మెరుపు, ఏ వైపు నీడ ఉన్నాయో గమనించి, అక్షరాలను దానితో పోల్చండి. మెరుపు, నీడ తారుమారైతే అక్షరాలు లోపలికి దిగినట్లు, అంటే తరువాత పంచితో కొట్టినట్లు అర్థం. రోలర్ తిరిగిన ప్రతిసారీ అదే పేరు పడుతుంది గనుక, ఒకే చువ్వ మీద వరుస పేర్ల మధ్య దూరమూ, రిబ్బుల సంఖ్యా సమానంగా ఉండాలి. టేపు పరిచి తీసిన ఫొటోలో ఇది నిమిషంలో తేలుతుంది.

దొంగ పేరును రోలర్‌లోనే చెక్కించిన మిల్లు ఈ రెండు పరీక్షలనూ దాటిపోతుంది. అక్కడ ఫొటో చాలదు, తూకం కావాలి. వచ్చే పాఠానికి 12 మి.మీ. చువ్వ నుంచి సరిగ్గా ఒక మీటరు ముక్కను కోయించి ఉంచండి; దాని బరువు 888 గ్రాముల కంటే 6 శాతానికి మించి తగ్గకూడదు.