పేబ్యాక్ లెక్క ఎక్కడ తప్పుతుంది? సమస్య, కారణం, పరిష్కారం

పెట్టిన సొమ్ము ఎన్నేళ్లలో తిరిగి చేతికొస్తుందో చెప్పేదే పేబ్యాక్ కాలం. నిర్వచనం ఒక్క వాక్యమే అయినా, మొదటి సంవత్సరం విద్యార్థులు తడబడే చోట్లు ఇందులో చాలానే ఉన్నాయి. వాటిని ఒకే ఉదాహరణ మీద చూద్దాం.

భీమవరం పరిసరాల్లో ఒక రైతు ఐదేళ్ల కౌలుకు వరి చేను తీసుకొని, దానిని వనామీ రొయ్యల చెరువుగా మార్చాలనుకుంటున్నాడు. తవ్వకం, గట్లు, ఏరేటర్లు, మోటారు, కరెంటు లైను అన్నీ కలిపి మొదట్లోనే 10 లక్షల రూపాయలు పెట్టాలి. సీడు, మేత, కరెంటు, కూలి, కౌలు పోను మొదటి నాలుగేళ్లలో చేతికి మిగిలే నగదు వరుసగా 4, 4, 3, 2 లక్షలు. ఐదో ఏట లక్ష మిగులుతుంది కానీ, ఒప్పందం ప్రకారం చెరువును పూడ్చి మళ్లీ చేనుగా అప్పగించడానికి 2 లక్షలు ఖర్చవుతాయి కనుక, ఆ ఏడాది నికరంగా లక్ష రూపాయలు ఎదురు పెట్టుకోవాలి. అంకెలు లెక్క కోసం ఊహించినవి. పన్నులను పక్కన పెట్టాను.

సమస్య 1: జవాబు 2.67 సంవత్సరాలు రావాలి, 3.08 వచ్చింది

నాలుగేళ్ల రాబడిని కూడి సగటు తీసి (3.25 లక్షలు), దానితో 10 లక్షలను భాగించి ఉంటారు. ప్రతి ఏటా ఒకే మొత్తం వచ్చినప్పుడే ఆ భాగహారం చెల్లుతుంది. రాబడి ఏటేటా మారుతున్నప్పుడు సంచిత మొత్తం వేసుకుంటూ పోవాలి. మొదటి ఏడాది చివరికి 4 లక్షలు, రెండో ఏడాది చివరికి 8 లక్షలు వచ్చాయి. ఇంకా రావలసినవి 2 లక్షలు, మూడో ఏట వచ్చేవి 3 లక్షలు. రెండును మూడుతో భాగిస్తే 0.67, కాబట్టి పేబ్యాక్ కాలం 2.67 సంవత్సరాలు.

ఆ 0.67 వెనుక ఒక ఊహ దాగి ఉందని గుర్తించాలి. మూడో ఏటి సొమ్ము పన్నెండు నెలలకూ సమానంగా వస్తుందని మనం అనుకున్నాం. చెరువులో సొమ్ము నెలనెలా రాదు, పట్టుబడి అయినప్పుడే వస్తుంది. అందుచేత 2.67 అంటే సరిగ్గా ఎనిమిదో నెలలో అప్పు తీరిపోతుందని రైతుకు చెప్పడం తప్పు.

సమస్య 2: పెట్టుబడి ఎప్పటికీ తిరిగి రావడం లేదు

ఇందుకు రెండు కారణాలు తరచుగా కనిపిస్తాయి. మొదటిది, నగదుకు బదులు లాభాన్ని వాడటం. 10 లక్షలను ఐదేళ్లకు పంచి ఏటా 2 లక్షల తరుగుదల తీసేస్తే, నాలుగేళ్ల లాభాలు 2, 2, 1, 0 లక్షలు మాత్రమే అవుతాయి. మొత్తం 5 లక్షలు దాటదు. తరుగుదల పేరుతో ఆ ఏడాది ఎవరికీ రూపాయి చెల్లించలేదు, ఆ ఖర్చును పెట్టుబడిగా మొదట్లోనే లెక్కలోకి తెచ్చాం. దానిని మళ్లీ తీసేస్తే ఒకే ఖర్చును రెండుసార్లు మోసినట్టవుతుంది. లెక్కలో లాభం మాత్రమే ఇచ్చి ఉంటే తరుగుదలను తిరిగి కలపాలి.

రెండోది, ముందు ముందు వచ్చే సొమ్మును ఈనాటి విలువకు తగ్గించి లెక్కించే డిస్కౌంటెడ్ పేబ్యాక్‌లో వస్తుంది. ఏ ఏటి రాబడిని ఆ ఏటి గుణకంతో విడివిడిగా గుణించి ఆ తరువాత కూడాలి. కొందరు ముందే కూడేసి, సంచిత మొత్తాన్ని గుణిస్తారు. 12 శాతం రేటున నాలుగో ఏటి గుణకం 0.6355, సంచితం 13 లక్షలను దానితో గుణిస్తే 8.26 లక్షలే వస్తుంది, పెట్టుబడి ఎప్పటికీ తీరనట్టు కనిపిస్తుంది. సరైన పద్ధతి ఇలా ఉంటుంది:

```
సం.  నగదు     గుణకం   ప్రస్తుత విలువ  సంచితం
1    4,00,000  0.8929  3,57,160       3,57,160
2    4,00,000  0.7972  3,18,880       6,76,040
3    3,00,000  0.7118  2,13,540       8,89,580
4    2,00,000  0.6355  1,27,100      10,16,680
```

మూడో ఏడాది చివరికి ఇంకా రావలసినవి 1,10,420 రూపాయలు. దీనిని 1,27,100తో భాగిస్తే 0.87 వస్తుంది, అంటే డిస్కౌంటెడ్ పేబ్యాక్ కాలం 3.87 సంవత్సరాలు. రేటు సున్నా కంటే ఎక్కువగా ఉన్నంతవరకు ఈ కాలం మామూలు పేబ్యాక్ కంటే పొడవుగానే ఉండాలి. పొట్టిగా వస్తే వెనక్కి వెళ్లి గుణకాలు సరిచూసుకోవాలి. బ్యాంకు వడ్డీని నగదులోంచి తీసేసి, మళ్లీ 12 శాతంతో డిస్కౌంట్ చేయడం కూడా పొరపాటే, ఎందుకంటే సొమ్ము ఖరీదు ఆ రేటులోనే ఉంది.

సమస్య 3: లెక్క అంతా సరిగ్గానే ఉంది, నిర్ణయం మాత్రం నష్టం తెచ్చింది

ఇక్కడ విద్యార్థి తప్పేమీ లేదు, లోపం పద్ధతిలోనే ఉంది. పట్టిక నాలుగో ఏట ఆగిపోయింది, ఎందుకంటే పెట్టుబడి తీరిన చోట పేబ్యాక్ చూపు ఆగిపోతుంది. ఐదో ఏట ఎదురు పెట్టిన లక్ష రూపాయల ప్రస్తుత విలువ 56,740 రూపాయలు. నాలుగేళ్లకు మిగిలిన 16,680లోంచి దీనిని తీసేస్తే, అన్ని ఏళ్ల నగదు ప్రస్తుత విలువల్లోంచి పెట్టుబడి పోను మిగిలేది, అంటే నికర ప్రస్తుత విలువ, 40,060 రూపాయల నష్టం. 3.87 ఏళ్లలో సొమ్ము తిరిగొచ్చిందన్న మాట నిజమే, పథకం నష్టమన్న మాటా నిజమే.

డిస్కౌంట్ చేశాం కనుక పేబ్యాక్‌లోని లోపాలన్నీ పోయాయని చాలామంది అనుకుంటారు. పోయినది ఒక్కటే, కాలంతో పాటు డబ్బు విలువ తగ్గుతుందన్న విషయాన్ని విస్మరించడం. తీరిన తరువాతి సంవత్సరాలను చూడకపోవడం అలాగే ఉంది. మొదట పెట్టుబడి, ఆ తరువాత అన్నీ రాబడులే అయిన పథకంలో, ఆయుష్షు లోపు డిస్కౌంటెడ్ పేబ్యాక్ వచ్చిందంటే నికర ప్రస్తుత విలువ నష్టంలో ఉండదు. చివర్లో పూడ్చివేత వంటి పెద్ద ఖర్చు ఉంటే ఆ హామీ చెల్లదు. అటువంటి ఖర్చు ప్రశ్నలో కనబడగానే ఐదో ఏడాది వరకూ పట్టిక పూర్తి చేయండి.

ఇదే లోపం ఎదురు వైపునా పనిచేస్తుంది. అదే 10 లక్షలతో కోనసీమలో కొబ్బరి పీచు యూనిట్ పెడితే ఏటా 2.5 లక్షల చొప్పున ఎనిమిదేళ్లు వస్తుందనుకుందాం. రాబడి సమానం కనుక ఇక్కడ నేరుగా భాగించవచ్చు, పేబ్యాక్ 4 సంవత్సరాలు. అదే 12 శాతం రేటున పట్టిక వేస్తే డిస్కౌంటెడ్ పేబ్యాక్ సుమారు 5.8 సంవత్సరాలు. రెండు కొలతల్లోనూ చెరువే ముందుంది. నికర ప్రస్తుత విలువ చూస్తే పీచు యూనిట్ సుమారు 2.42 లక్షలు మిగులుస్తుంది. ఆ మిగులంతా ఆరో ఏడాది చివర నుంచి ఎనిమిదో ఏడాది వరకు వచ్చే సొమ్ములోనిది, పేబ్యాక్ దానిని చూడనే చూడదు.

సమస్య 4: మూడేళ్ల గడువు ఎక్కడిదో తెలియడం లేదు

ప్రశ్నల్లో "మూడేళ్లలో తీరితేనే ఆమోదించాలి" అని ఉంటుంది. ఆ మూడుకు సూత్రం ఏదీ లేదు, యజమాని నిర్ణయించుకున్నదే. మామూలు పేబ్యాక్‌కు ఆ గడువు పెడితే నష్టం తెచ్చే చెరువు నెగ్గుతుంది, లాభం తెచ్చే పీచు యూనిట్ ఓడిపోతుంది. గడువును ఐదేళ్లకు పెంచినా రెండూ నెగ్గుతాయి కానీ చెరువు నష్టం బయటపడదు, కాబట్టి మందు గడువులో లేదు.

అలాగని పేబ్యాక్‌ను పూర్తిగా పక్కన పెట్టమని నేను అనను. తెల్లమచ్చ వ్యాధి వస్తే పంట మొత్తం పోయే చెరువులో, మూడేళ్లలో అప్పు తీర్చవలసిన రైతుకు, సొమ్ము ఎంత త్వరగా చేతికొస్తుందన్నది అసలు ప్రశ్నే. పథకాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది నికర ప్రస్తుత విలువతో తేల్చి, చేతిలో డబ్బు ఎంతకాలం ఇరుక్కుంటుందో చెప్పడానికి పేబ్యాక్‌ను దాని పక్కన రాయాలి. పరీక్షలో రెండు పద్ధతులూ వేర్వేరు జవాబులిస్తే, తేడా ఏ సంవత్సరపు నగదు వల్ల వచ్చిందో ఒక వాక్యంలో చూపించండి. మన ఉదాహరణలో అది ఐదో ఏటి పూడ్చివేత ఖర్చు.