నల్లని మేనిఛాయ ఫొటో ఎడిటింగ్‌కు ముందు జాగ్రత్తలు

విజయనగరంలో రాత్రి ముహూర్తానికి, వీడియో లైట్ల వెలుగులో తీసిన పెళ్లికూతురి ఫొటోను ఉదాహరణగా తీసుకుందాం. జేపీఈజీలో పోయిన వెలుగు వివరం తిరిగి రాదు కనుక కెమెరా నమోదు చేసిన సమాచారమంతా ఉండే రా ఫైలుతోనే మొదలుపెట్టాలి.

మధుపర్కం తెల్లగా కనిపిస్తోందని దాని మీద వైట్ బ్యాలెన్స్ తీసుకోకూడదు. దానికి పసుపు అంటి ఉంటే సాఫ్ట్‌వేర్ ఆ పసుపును తెలుపుగా భావించి ఫొటో మొత్తాన్ని నీలం వైపు నెడుతుంది. చర్మంలోని ఎరుపు, బంగారు వెచ్చదనం పోయి బుగ్గలు బూడిద పూసినట్టు కనిపిస్తాయి. పసుపు తగలని చోటు వెతకాలి.

ముఖం చీకటిగా ఉందని Exposure పెంచడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. లైట్‌రూమ్‌లో Alt నొక్కి Whites జరిపి, నుదుటి మీద, ముక్కు దూలం మీద మెరుపు తెల్లమచ్చగా మారుతోందేమో ముందుగా చూడాలి. ముఖానికి మాత్రమే మాస్క్ వేసి, కర్వ్‌లో మధ్యభాగాన్ని కొద్దిగా ఎత్తి, పైకొనను కదలకుండా ఉంచితే ముఖం తేటపడుతుంది, మెరుపూ నిలుస్తుంది. Highlights బాగా తగ్గిస్తే ఆ మెరుపే మట్టిరంగుకు దిగి చర్మం పొడిబారినట్టుంటుంది. -20 దగ్గర ఆగి చూడడం మంచిది. ఒక్కో రంగును విడిగా సర్దే HSLలో Orange వెలుగును పెంచడం ఛాయను మార్చడమే, అది చేయరాదు.