కవర్ ఫొటో పని – 7వ పాఠం: రీటచర్‌కు హద్దులు రాసి పంపడం

పోయిన పాఠం చివర, కవర్ ఫొటో రీటచ్‌కు పంపుతూ ఎడిటర్ రాసే సందేశం మీరే రాసి, తెలిసినవాళ్ల చేత పని చేయించి చూడమన్నాను. చూసిన వాళ్లంతా దాదాపు ఒకే రకంగా దెబ్బతిన్నారు. ఒకావిడ తన పెద్దమ్మ ఫొటో పంపి, "జుట్టు నీట్‌గా, చీర ముడతలు లేకుండా, న్యాచురల్‌గా ఉండాలి" అని రాశారట. తిరిగొచ్చిన ఫొటోలో పెద్దమ్మగారి పాపిడి మూసుకుపోయింది, తెల్ల వెంట్రుకలు పోయాయి, కుచ్చిళ్లు ఇస్త్రీ చేసిన అట్టముక్కలా అయ్యాయి. చేసినతను మాత్రం "మీరు చెప్పిందే చేశాను" అన్నాడు. అతని తప్పేం లేదు. తప్పు నాది కూడా, ఆ మూడు మాటలూ ఎందుకు పనికిరావో అప్పుడే చెప్పి ఉండాల్సింది.

కాబట్టి ఈ వారం అనుకున్న రంగుల పాఠం పక్కనపెట్టి, దీన్నే మళ్లీ చూద్దాం. ఫైల్ పేరు, సైజు, గడువు ఎలా రాయాలో చెప్పను, అవి మీకు తెలుసు.

ముందు "న్యాచురల్‌గా" గురించి. ఈ మాట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎడిటర్‌కు న్యాచురల్ అంటే మనిషి ఉన్నట్టే ఉండటం. రీటచర్‌కు న్యాచురల్ అంటే తను చేసిన పని ఎవరికీ తెలియకపోవడం. రెండూ ఒకటి కావు. నెరసిన పాపిడిని చక్కగా నల్లగా చేసి, బ్రష్ జాడ కనపడకుండా చూసుకుంటే అతని లెక్కలో అది న్యాచురలే. "నీట్‌గా" కూడా అంతే. ఉంగరాల జుట్టు కొందరి కంటికి పుట్టుకతోనే నీట్‌గా ఉండదు, దాన్ని సాపు చేసేస్తారు. "కొంచెం" అయితే మరీ ఘోరం. కొంచెం అంటే ఎంత? నా కొంచెం ఒక వెంట్రుక, మీ కొంచెం ఒక గుప్పెడు కావచ్చు. "మామూలుగా చేసేదే చేయండి" అని రాసినవాళ్లు కూడా ఉన్నారు. ఎవరి మామూలండీ? కాబట్టి గుణం చెప్పే మాట రాయకండి. ఏ వెంట్రుక, ఏ ముడత, ఏ చోట అన్నది రాయండి.

చెప్పకపోతే ఏమవుతుందో పెద్ద పత్రికలకూ అనుభవమే. 2017 నవంబరులో బ్రిటన్‌లోని గ్రాజియా పత్రిక కవర్ మీద నటి లుపీటా న్యోంగో జుట్టును సాపు చేసి, వెనక ముడిని చెరిపేశారు. ఆమె అసలు ఫొటోనూ కవర్‌నూ పక్కపక్కన పెట్టి బహిరంగంగా బాధపడ్డారు. ఫొటోగ్రాఫర్ క్షమాపణ చెప్పాడు. పత్రిక కూడా చెప్పింది. జుట్టు మార్చమని తాము అడగలేదనీ, తామూ మార్చలేదనీ, కానీ ఏమేం మార్చారో తెలుసుకోకపోవడం తమ లోపమేననీ ఒప్పుకుంది. మార్చమని అడగకపోవడం ఒకటి, మార్చొద్దని రాసి, వచ్చాక సరిచూసుకోవడం వేరొకటి. మన సందేశం ఈ రెండో దాని కోసం.

ఇప్పుడు ఒక ఫొటో తీసుకుందాం. అరవై దాటిన వీణ టీచరమ్మ. ఉంగరాల జుట్టు, నెరసిన పాపిడి, జడలో మల్లెదండ, పోచంపల్లి పట్టుచీర. సందేశం ఇలా రాస్తాను:

"నమస్తే అండీ. వీణ మేడమ్ గారి కవర్ ఫొటో పంపుతున్నాను.

జుట్టు: కళ్ల మీద, బుగ్గల మీద అడ్డంగా పడ్డ వెంట్రుకలు తీసేయండి. తల చుట్టూ లేచినవాటిలో ఆమె చెవి దుద్దు వెడల్పు కంటే దూరం పోయినవి తీసేయండి, అంతకు లోపలివి ఉండనివ్వండి. పాపిడి వెడల్పు, తెల్ల వెంట్రుకలు, నుదుటి దగ్గర జుట్టు మొదలయ్యే గీత, ఉంగరాలు, జుట్టు ఒత్తు ముట్టుకోవద్దు. దండలో వాడిన రెండు పూలు అలాగే ఉండాలి.

చీర: ఎడమ భుజం మీద పిన్నీసు, జాకెట్టు మీద దారప్పోగు తీసేయండి. ఒడిలో పడ్డ అడ్డ ముడతను సగం తగ్గించండి, పూర్తిగా వద్దు. చీర రంగు మార్చొద్దు. డిజైన్ అంచులు పదును చేయొద్దు. జాకెట్టు మెడ, చేతుల పొడవు, పైట ఉన్న చోటు మారకూడదు. ఒంటి మీద గానీ బట్ట మీద గానీ లిక్విఫై వాడొద్దు.

చంక దగ్గర చెమట మరక, కుడి భుజం దగ్గర కనిపిస్తున్న లోపలి పట్టీ మేడమ్ గారిని అడిగి రేపు చెబుతాను. అప్పటిదాకా వాటిని వదిలేయండి.

లేయర్లు కలపకుండా పీఎస్‌డీ పంపండి. అసలు ఫొటో అడుగు లేయర్‌లో ఉండాలి. క్రాప్ చేయొద్దు, సైజు మార్చొద్దు. ఇందులో లేనిదేదైనా చేయాలనిపిస్తే చేసేముందు ఫోన్ చేయండి."

దుద్దు కొలత నా సొంత అలవాటు. పిక్సెళ్లలో చెబితే ఫైల్‌కో లెక్క. దుద్దు మాత్రం ఫొటోలోనే ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు. మరి లేచిన వెంట్రుకలన్నీ ఎందుకు తీయించను? తల పైభాగం పత్రిక పేరు మీదికి వస్తుంది కదా. అక్కడ వెంట్రుకలన్నీ చెరిపేస్తే తల కత్తెరతో కోసి అతికించినట్టు కనిపిస్తుంది.

"అంచులు పదును చేయొద్దు" అన్నది చాలామందికి వింతగా అనిపిస్తుంది. పోచంపల్లిలో నేశాక రంగు వేయరు. ముందే దారాలకు కట్లు కట్టి, రంగులో ముంచి, తర్వాత మగ్గం ఎక్కిస్తారు. నేసేటప్పుడు దారాలు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి డిజైన్ అంచు ఈకలా చెదిరి ఉంటుంది. ఆ చెదురే దాని గుర్తు. సంగతి తెలియని రీటచర్ దాన్ని ఫోకస్ తప్పిందనుకుని సరిచేస్తాడు, చీర ప్రింట్ గుడ్డలా తయారవుతుంది. ఒకసారి నా చేతుల మీదుగానే అలాంటి కవర్ ప్రెస్‌కు పోయింది. నేత తెలిసిన పాఠకుడొకాయన ఫోన్ చేసి, "మీరు వేసింది పోచంపల్లి కాదమ్మా" అన్నారు. అది పోచంపల్లే! ఏం చెప్పాలో తెలియలేదు.

ఫొటోషాప్‌లో ఆకారాలను నెట్టి, వంచే పనిముట్టు ఈ లిక్విఫై. అది నాకు పడదు, నిజమే. నడుము ఒక్క పిసరు లోపలికి నెడితే పక్కనున్న చీర అంచు కూడా వంగుతుంది. మగ్గం మీద నేసిన తిన్నని గీత వంకరపోతే నడుము నొక్కారని ఎవరికైనా తెలిసిపోతుంది.

ఫైల్ తిరిగి వచ్చాక కళ్లతో వెతక్కండి. రంగులు సరిచేసిన లేయర్లను ఆపేసి, అసలు ఫొటో లేయర్‌ను కాపీ చేసి అన్నిటికంటే పైకి తెచ్చి, బ్లెండ్ మోడ్ డిఫరెన్స్‌లో పెట్టండి. మారని చోటంతా నల్లగా, మారిన చోటు వెలుగుగా కనిపిస్తుంది. మన ఫొటోలో భుజం మీద చుక్క, జాకెట్టు మీద గీత, తల చుట్టూ, కళ్ల మీద, బుగ్గల మీద సన్నని పోగులు, ఒడిలో ఒక మసక పట్టీ ఇవే వెలగాలి. పాపిడి వెలిగితే ఫోన్ తీయండి. క్రాప్ వద్దన్నది ఇందుకే, ఒక్క పిక్సెల్ జరిగినా బొమ్మ మొత్తం వెలిగి ఏమీ తెలియదు.

అభ్యాసం: ఇంట్లో ఎవరిదైనా ఫొటోకు ఇలాంటి సందేశం రాయండి. ఆ ఫొటోలో చేయగల మార్పులు 20 వేరే కాగితం మీద రాసి, సందేశంతో పాటు ఒక స్నేహితుడికివ్వండి. ఫొటో చూపించొద్దు. ఒక్కోదానికీ "చేయొచ్చు", "చేయకూడదు", "అడగాలి" అని అతను సందేశం చదివి చెప్పాలి. ఎక్కడ "ఏమో, చూడాలి" అన్నాడో అక్కడి వాక్యం తిరగరాయండి. తిరగరాసినది మరో స్నేహితుడికివ్వండి, మొదటివాడికి కాదు, అతనికి మీ మనసులో ఉన్నది ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది.