ఇంట్లో బీపీ చూసుకుంటే అంకెలు పొంతన లేకుండా వస్తున్నాయా?

సమస్య: పది నిమిషాల తేడాలో రెండు రకాల అంకెలు

కోనసీమలో ఒక రైతు పొద్దున్నే చేనుకు నీరు పెట్టి, సైకిల్ మీద ఇంటికొచ్చి, టీ తాగి మంచం అంచున కూర్చుని బీపీ చూసుకున్నాడనుకోండి. 158/94 వచ్చింది. కాసేపాగి చూస్తే 144/90. మిషన్ పాడైందనుకుంటారు గానీ, తేడా చాలావరకు కూర్చున్న తీరులోనే ఉంటుంది.

కారణం: ఒళ్లు ఇంకా అలసటలోనే ఉంది, టీ తాగి అరగంట కాలేదు. వీపుకి ఆనుడు లేదు, కాళ్లు వేలాడుతున్నాయి. అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది ఒళ్లో పెట్టుకున్న చెయ్యి. పట్టీ గుండెకన్నా 10 సెంటీమీటర్లు కిందికుంటే అంకె 7, 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది.

పరిష్కారం: టీ, కాఫీ, చుట్ట, శ్రమ అన్నీ అయ్యాక అరగంట ఆగండి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనే కుర్చీలో పాదాలు నేలకు ఆనించి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చెయ్యి బల్ల మీద పెట్టండి. బల్ల పొట్టిదైతే చేతి కింద దుప్పటి మడతపెట్టి, పట్టీ రొమ్ము మధ్యభాగం ఎత్తుకు వచ్చేలా చూడండి. చొక్కా చెయ్యి పైకి మడిస్తే అదే బిగిసిపోతుంది, విప్పేయడమే మేలు. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్లు పైన ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి.

ఇంత చేసినా ఎప్పుడూ ఎక్కువే వస్తుంటే భుజానికీ మోచేతికీ మధ్య చేతి చుట్టుకొలత టేపుతో చూడండి. మామూలు పట్టీలు చాలావరకు 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికే సరిపోతాయి. లావు చేతికి ఇరుకు పట్టీ కడితే బీపీ లేనిది కూడా ఉన్నట్టు కనిపిస్తుంది.

డైరీ ఎలా రాయాలి

పొద్దున మాత్ర, టిఫిన్ వేళకు ముందు, రాత్రి పడుకునే ముందు, వారం పాటు. తేదీ, సమయం, రెండు అంకెలు, నాడి రాయండి. "మాత్ర మరిచాను", "నిద్ర లేదు" అని పక్కన చిన్న మాట చేర్చండి. 143ని 140 చేసి రాయొద్దు, నచ్చని అంకెను వదిలెయ్యొద్దు. డాక్టరుకు పనికొచ్చేవి అవే.

మొదటి రోజువి తీసేసి, మిగిలిన 24 కొలతల సగటు కట్టండి. మన రైతుకి పై అంకెల మొత్తం 3312, కింది అంకెల మొత్తం 2088 వచ్చిందనుకుందాం. 24తో భాగిస్తే 138/87. ఇంట్లో చూసే బీపీకి హద్దు 135/85. రెండింట్లో ఏది దాటినా డైరీ పట్టుకుని కొద్దిరోజుల్లోనే పీహెచ్‌సీకో, మీ డాక్టరు దగ్గరకో వెళ్లాలి. ఈలోగా మాత్రల మోతాదు సొంతంగా మార్చకండి.

ఆగకూడని అంకెలు

పై అంకె 180 లేదా కింది అంకె 110 దాటితే అయిదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. అలాగే ఉంటే, ఒంట్లో బాగానే ఉన్నా ఆ రోజే డాక్టరును కలవండి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు, ఒక పక్క చెయ్యి పడిపోవడం, చూపు మసకబారడం ఏది తోడైనా మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యండి. పై అంకె 90 కన్నా తగ్గి, లేచినప్పుడు కళ్లు తిరుగుతున్నా డాక్టరుకు చెప్పాలి. మాత్రలు వేసుకునేవాళ్లలో ఇది తరచూ మోతాదు ఎక్కువైన గుర్తు.