ప్రయాణంలో నమాజ్, మూడో పాఠం: ఎంత దూరం, ఎన్ని రోజులు

పోయిన పాఠంలో ఏ నమాజ్ తగ్గుతుందో చూశాం. జొహర్, అసర్, ఇషాల్లో నాలుగు రకాతుల ఫర్జ్ రెండవుతుంది, ఫజర్, మగ్రిబ్ ఎప్పటిలాగే ఉంటాయి. ఈసారి అసలు ముసాఫిర్ అని ఎవరిని అంటారో చూద్దాం. మన దగ్గర ఎక్కువమంది హనఫీలు కాబట్టి లెక్క హనఫీ పద్ధతిలో చేస్తాను, మిగతావాళ్లు ఎక్కడ వేరుపడతారో ఆయా చోట్ల చెబుతాను.

ఖుర్ఆన్‌లో నిసా సూరా 101వ ఆయత్ ప్రయాణంలో నమాజ్ తగ్గించుకోవచ్చంటుంది గానీ ఇన్ని మైళ్లు అని చెప్పదు. అందుకే ఫకీహ్‌లు వేరే ఆధారాలు వెతికారు. ముసాఫిర్ మేజోళ్ల మీద మసహ్ మూడు పగళ్లు, మూడు రాత్రులు చేయొచ్చన్న హదీస్‌ను హనఫీలు పట్టుకున్నారు. అంటే కాలినడకన గానీ ఒంటె మీద గానీ మామూలు వేగంతో మూడు రోజులు పట్టే దూరమే ప్రయాణం. రోజుకు 16 మైళ్లు వేసుకుంటే 48 మైళ్లు, అంటే 77 కిలోమీటర్ల చిల్లర. బరేల్వీ ఉలమా దీన్ని 92 కిలోమీటర్లుగా లెక్కిస్తారు. షాఫయీ, మాలికీ, హంబలీలు ఇబ్నె ఉమర్, ఇబ్నె అబ్బాస్ నాలుగు బరీద్‌ల దూరానికి ఖస్ర్ చేశారన్న, అంటే నమాజ్ తగ్గించారన్న మాట తీసుకున్నారు. బరీద్‌కు నాలుగు ఫర్సఖ్‌లు, ఫర్సఖ్‌కు మూడు మైళ్లు, మళ్లీ 48 మైళ్లే! కాకపోతే పాత అరబ్బు మైలు ఎంత పొడవన్న దాంట్లో తేడా ఉంది కాబట్టి వాళ్ల లెక్క 80 దాటుతుంది. ఇబ్నె తైమియా మాత్రం దూరానికి హద్దే పెట్టలేదు, జనం దేన్ని ప్రయాణం అంటారో అదే ప్రయాణం అన్నారు.

ఇప్పుడు ఒక కేసు తీసుకుందాం. కర్నూలుకు చెందిన ఒకాయన పాప కంటి ఆపరేషన్ కోసం పది రోజులుందామని హైదరాబాద్ బయల్దేరాడు. దారి 200 కిలోమీటర్లు దాటుతుంది. ఖస్ర్ ఎక్కడ మొదలవుతుంది? 77 కిలోమీటర్లు వెళ్లాక అనుకుంటారు చాలామంది, అది తప్పు. అంత దూరం వెళ్లాలన్న నియ్యత్‌తో ఊరి ఇళ్లు దాటితే చాలు. బస్టాండులో చదివితే నాలుగు, బస్సు తుంగభద్ర వంతెన దాటాక చదివితే రెండు. ప్రవక్త (స) హజ్‌కు బయల్దేరిన రోజు మదీనాలో జొహర్ నాలుగు, దగ్గర్లోనే ఉన్న జుల్‌హులైఫాలో అసర్ రెండు చదివారని అనస్ చెప్పింది దీనికే ఆధారం. ఆ హదీస్ చూసి పది కిలోమీటర్లకే ఖస్ర్ అనుకోకండి, వెళ్తున్నది మక్కాకు.

హైదరాబాద్ చేరాక రోజుల లెక్క మొదలవుతుంది. ఒకే ఊళ్లో 15 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటానని నియ్యత్ చేస్తేనే హనఫీలో ముఖీమ్, అంటే పూర్తి నమాజ్ చదవాల్సిన నివాసి అవుతాడు. ఈయన అనుకున్నది పది కాబట్టి ఖస్రే. తొమ్మిదో రోజు డాక్టరు ఇంకో వారం ఉండమన్నాడు, మొత్తం 16 అయ్యాయి. పాతవీ కొత్తవీ కలిపేసి నాలుగు చదవడం మొదలుపెడతారు, టెన్షన్ పడేదీ ఇక్కడే. కలపకూడదు. కొత్త నియ్యత్ చేసిన క్షణం నుంచి ముందుకు 15 రోజులుంటేనే లెక్క, ఈయనకు ముందున్నది ఏడే, కాబట్టి ఇంకా ముసాఫిరే. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అంటూ నెలలు గడిచినా అంతే. అదే షాఫయీ అయితే, వచ్చిన రోజు, వెళ్లే రోజు తీసేసి నాలుగు పూర్తి రోజులు ఉండాలనుకుంటే చేరగానే పూర్తి నమాజ్.

ఒంటరిగా చదివినప్పుడు, ముసాఫిర్ ఇమాం వెనక చదివినప్పుడే రెండు. నేను మొదటిసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒక మసీదులో అసర్ జమాత్‌లో రెండో రకాత్‌కే సలాం చెప్పేసి లేచాను. పక్కన కూర్చున్న పెద్దాయన జమాత్ అయ్యాక నా మోకాలు తట్టి, “బేటా, ఇమాం ముఖీమ్, ఆయన వెనక నాలుగూ చదవాలి, మళ్లీ చదువుకో” అన్నారు. ఆ ఫర్జ్ విడిగా రెండు రకాతులు చదువుకున్నాను.

ఇక కలపడం. హనఫీలో రెండు నమాజులను ఒకే వేళలో కలిపేది హజ్‌లోనే: అరఫాత్‌లో జొహర్, అసర్, ముజ్దలిఫాలో మగ్రిబ్, ఇషా. బస్సు ప్రయాణంలో చేయగలిగిందల్లా జొహర్‌ను దాని చివరి వేళలో చదివి, కాస్త ఆగి అసర్ వేళ రాగానే అసర్ చదవడం. చూడ్డానికి కలిపినట్టుంటుంది, నిజానికి దేని వేళలో అదే. మిగతా మూడు మజ్‌హబ్‌లలో తబూక్ ప్రయాణపు హదీస్ ఆధారంగా ముసాఫిర్ నిజంగానే కలపొచ్చు, అదీ ఈ రెండు జతల్లోనే. అసర్‌ను మగ్రిబ్‌తో గానీ, ఫజర్‌ను దేనితో గానీ కలిపేది ఎవరి దగ్గరా లేదు.

అభ్యాసం: గుంటూరు మనిషి ఒకరోజు పనికని విజయవాడ వెళ్లాడు, దాదాపు 35 కిలోమీటర్లు. అక్కడ ఫోనొచ్చి అటు నుంచి అటే రాజమండ్రి వెళ్లాల్సి వచ్చింది. విజయవాడలో చదివిన జొహర్ ఎన్ని రకాతులు, అసర్ ఎక్కడి నుంచి రెండవుతుంది? కాగితం మీద రాసి పెట్టుకోండి, నాలుగో పాఠం ఈ జవాబుతోనే మొదలవుతుంది.