బరువు తగ్గడం ఆగింది, తిండి తగ్గించాలా?

రోజూ లేవగానే, ఏమీ తాగకముందే తూకం రాస్తాను. చూసేది మాత్రం వారం సగటునే. ఉప్పు వల్ల ఒక్కరోజులోనే కిలో అటూ ఇటూ అవుతుంది. పక్కనే స్క్వాట్ బరువు, రెప్స్, మూడ్‌కి 5కి ఎన్ని మార్కులో కూడా రాస్తాను. మూడ్ వ్యాయామానికి ముందే రాయాలి, లేకపోతే సెట్ల ప్రభావం దాని మీద పడుతుంది.

ఈమధ్య సగటు మూడు వారాలు 78.4 దగ్గరే ఆగింది. అదే సమయంలో 80 కిలోల స్క్వాట్ 8 రెప్స్ నుంచి 6కి, మూడ్ 4 నుంచి 2కి పడ్డాయి. ఇది అలసట లక్షణం. అలసటతో ఒంట్లో నీరు నిలిస్తే, కొవ్వు తగ్గినా తూకంలో కనపడకపోవచ్చు. అందుకే తిండి ముట్టుకోకుండా ఒక వారం సెట్లు సగం చేశాను. తర్వాతి వారం సగటు 77.7, రెప్స్ మళ్లీ 8. రెప్స్, మూడ్ నిలకడగా ఉండి సగటు ఒక్కటే ఆగి ఉంటే, రోజుకి 150 కేలరీలు తగ్గించేవాణ్ణి.